స్లాబు మీద కొత్త కూలీ

మే నెలలో విజయవాడలో స్లాబు పోస్తుంటే, మేస్త్రీ ముందుగా కనిపెట్టుకోవాల్సింది కొత్తగా వచ్చిన కూలీని. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. అందుకే మొదటిరోజు ఎండలో ఐదో వంతు పనే చెప్పి, రోజూ అంతంత పెంచాలి. దాహం లేకపోయినా 20 నిమిషాలకోసారి గ్లాసుడు నీళ్లు తాగించాలి. గంటకోసారి గ్రీన్ నెట్ కింద, గాలాడేచోట కూర్చోబెట్టాలి. ఆ విరామానికి కూలి కోస్తే ఎవరూ కూర్చోరు.

తలనొప్పి, కండరాలు పట్టేయడం, వికారం తొలి హెచ్చరికలు. మాట తడబడినా, మనిషి తికమకపడినా వడదెబ్బగానే భావించాలి; చెమట పడుతోంది కదా అని ఊరుకోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేలోగా నీడకు చేర్చి, ఒళ్లంతా చన్నీళ్లు పోస్తూ విసరాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు.