జీరో షుగర్ బోబాలోనూ చక్కెర ఉంటుంది

బబుల్ టీ దుకాణంలో కౌంటర్ దగ్గర అడిగే మొదటి ప్రశ్న చక్కెర ఎంత శాతం అని. నూరు, డెబ్భై, యాభై, ముప్ఫై, సున్నా... ఏదో ఒకటి ఎంచుకోవాలి. ముప్ఫై అని చెప్పి, తక్కువే తాగుతున్నామన్న భరోసాతో కప్పు అందుకుంటాం. కానీ ఆ శాతం వర్తించేది టీలో చివర్న కలిపే పాకానికి మాత్రమే. ముత్యాల్లాంటి ఆ నల్లటి గోళీల్లో, పాల బదులు వేసే క్రీమర్ పొడిలో ఉన్నదాన్ని అది తాకదు.

ఈ పానీయం 1980లలో తైవాన్‌లో పుట్టింది. తైచుంగ్‌లో ఒక టీ దుకాణం, తైనాన్‌లో మరొకటి మేమే కనిపెట్టామంటూ ఏళ్ల తరబడి కోర్టులో వాదులాడుకున్నాయి. అందులో వేసే గోళీలను కర్రపెండలం పిండితో చేస్తారు. పెద్దాపురం, సామర్లకోట మిల్లుల్లో తయారయ్యే మన సగ్గుబియ్యానికీ మూలం ఆ దుంపే.

గోళీలు ఎలా తయారవుతాయో చూస్తే చక్కెర ఎక్కడ దాక్కుందో తెలుస్తుంది. పిండిని బెల్లం రంగు చక్కెర కలిపిన వేడినీళ్లతో ముద్ద చేసి, ఉండలు చుట్టి, అరగంట దాకా ఉడికిస్తారు. మూతపెట్టి కాసేపు మగ్గనిచ్చాక పాకంలో నానబెడతారు. ఉడికిన గోళీకి సొంత రుచంటూ ఏమీ ఉండదు, తీపి అంతా ఆ పాకానిదే. అది లేకపోతే గోళీలు ఒకదానికొకటి అంటుకుపోతాయి, నాలుగైదు గంటల్లో గట్టిపడతాయి కూడా. అందుకే మనం ‘జీరో షుగర్’ అన్నా, గరిటెతో తీసేది ఆ పాకంలో తేలుతున్న గోళీలనే.

500 మిల్లీలీటర్ల మామూలు మిల్క్ టీ కప్పును లెక్క కడదాం. దుకాణాన్ని బట్టి అంకెలు కొంత మారతాయి, తీరు మాత్రం ఇదే. నూరు శాతం అంటే పాకంలోంచి సుమారు 30 గ్రాముల చక్కెర, అంటే 120 కేలరీలు. క్రీమర్ పొడి 30 గ్రాములు వేస్తే మరో 150. నూనె కొవ్వు, గ్లూకోజ్ సిరప్ కలిపి ఆరబెట్టిందే ఆ పొడి. ఒక గరిటెడు గోళీల్లో పిండి నుంచి వంద కేలరీలు, అంటుకున్న పాకంలోని 10 గ్రాముల చక్కెర నుంచి 40. మొత్తం 410.

ఇప్పుడు ముప్ఫై శాతం చేయించండి. పాకం చక్కెర 9 గ్రాములకు దిగుతుంది, కానీ కప్పు మొత్తం 325 కేలరీల దగ్గరే ఆగిపోతుంది. డెబ్భై శాతం తగ్గించామనుకున్నాం, తగ్గింది అయిదో వంతు. అదే ముప్ఫై శాతంతో క్రీమర్ మాని 150 మిల్లీలీటర్ల టోన్డ్ పాలు పోయించి, గోళీలు వద్దంటే 130 కేలరీలు కూడా దాటదు. కాబట్టి నా మాటగా చెప్పాలంటే, శాతం కంటే ముందు అడగాల్సినవి రెండు: పాలా, క్రీమరా? గోళీలు సగం గరిటె వేస్తారా?

బ్రౌన్ షుగర్ బోబా అని కప్పు గోడల మీద చారలు కారుతూ అమ్మేది వేరే రకం. ఆ చారలే పాకం. చాలా చోట్ల దాన్ని తగ్గించమన్నా కుదరదు. 2019లో సింగపూర్‌లోని మౌంట్ ఆల్వెర్నియా ఆసుపత్రి ఇచ్చిన లెక్క ప్రకారం అలాంటి 500 మిల్లీలీటర్ల కప్పులో 18 చెంచాలకు పైగా చక్కెర ఉంది. 2023 చివరి నుంచి ఆ దేశంలో దుకాణంలో అప్పటికప్పుడు కలిపిచ్చే పానీయాలకూ చక్కెరను బట్టి ఏ నుంచి డీ దాకా గ్రేడు ఇస్తున్నారు.

మరి ఎన్నాళ్లకొకసారి తాగొచ్చు? విడిగా చేర్చే చక్కెర రోజుకు 50 గ్రాములు మించకూడదని, 25 లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గోళీలతో ముప్ఫై శాతం కప్పులో 19 గ్రాములు ఉన్నాయి. ఇంట్లో రెండుపూటలా టీ తాగే మనిషికి ఆ రోజు కోటా దాంతో నిండిపోయినట్టే. పైగా తాగిన కేలరీలకు కడుపు నిండినట్టు అనిపించదు, అన్నం తగ్గించం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు వారానికి ఒక చిన్న కప్పు పర్వాలేదు. బ్రౌన్ షుగర్ రకమైతే నెలకోసారి చాలు. కాలేజీ నుంచి వస్తూ రోజూ తాగే పిల్లల అలవాటే నన్ను కలవరపెడుతుంది. రోజుకు 300 కేలరీలంటే వారానికి రెండు వేలు దాటుతాయి.

మధుమేహం ఉన్నవాళ్లకు సున్నా శాతం కూడా రక్షణ కాదు. గోళీలోని పిండిని చక్కెర కింద ఎవరూ లెక్కించరు, కానీ అది ఒంట్లో త్వరగానే గ్లూకోజ్‌గా మారుతుంది. తాగాలనిపిస్తే గోళీలు, తీపి లేని పాల టీ తీసుకుని, రెండు గంటల తర్వాత గ్లూకోమీటర్‌లో చూసుకోండి. గోళీలు వేసుకున్న రోజు అంకెతో దాన్ని పోల్చి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.