కొత్త చైను ఎందుకు జారుతోంది?

విశాఖలో ఒక బ్యాంకు ఉద్యోగి రోజూ పొద్దున్నే ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా సైకిలు తొక్కుతాడు. వెనక తొమ్మిది గేర్లు, ముందు రెండు పళ్లచక్రాలు ఉన్న హైబ్రిడ్ సైకిలు. సముద్రపు గాలికి, ఇసుకకి చైను తుప్పుపట్టి కిర్రుమంటోందని కొత్తది వేయించాడు. మర్నాడు సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడగానే లేచి నిలబడి గట్టిగా తొక్కేసరికి టక్కుమని చైను జారింది. పెడల్ ఒక్కసారిగా కిందికి పోయి, మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంది. వెనక ఆటో కాస్త దూరంగా ఉండబట్టి సరిపోయింది.

షాపులో గేరు వైరు బిగించి ఇచ్చారు, తగ్గలేదు. చైను నాసిరకమేమోనని ఇంకో కంపెనీది వేశారు, అదీ జారింది. ఎప్పుడో సైకిలు కిందపడి హ్యాంగర్ వంగి ఉంటుందని మరొకరు తేల్చారు. నిజానికి ఒక్క పైసా ఖర్చు పెట్టకముందు అతన్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏ గేర్లో జారుతోంది?

ఆ సైకిలు వెనక చక్రానికి ఉన్న క్యాసెట్‌లో తొమ్మిది పళ్లచక్రాలు ఉంటాయి. అన్నిటికన్నా చిన్నదానికి 11 పళ్లు, తర్వాత 12, 14, 16, 18, అలా పెరుగుతూ చివరిదానికి 32. ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని అతను మళ్లీ తొక్కి చూశాడు. 14, 16 పళ్ల చక్రాల మీద గట్టిగా తొక్కిన ప్రతిసారీ జారింది, 18 మీద అప్పుడప్పుడు జారింది. కైలాసగిరి ఘాట్ రోడ్డులో పెద్ద చక్రాల మీద మాత్రం, చెమటలు కక్కుతూ ఎక్కినా ఒక్కసారీ జారలేదు.

వినగానే ఇది తలకిందులుగా తోస్తుంది. కొండ ఎక్కేటప్పుడే కదా చైను మీద భారం ఎక్కువ? అవును, చాలా ఎక్కువ. 70 కిలోల మనిషి అడ్డంగా ఉన్న పెడల్ మీద పూర్తిగా నిలబడ్డాడనుకోండి. ముందు 46 పళ్ల చక్రం ఉంటే చైను మీద పడే లాగుడు దాదాపు 130 కిలోలు. అదే 30 పళ్ల చిన్న చక్రం మీదికి మారితే దాదాపు 195 కిలోలు. పెడల్ ఉన్న కడ్డీ పొడవు మారదు, ముందు చక్రం చిన్నదైన కొద్దీ చైను అంత గట్టిగా లాగబడుతుంది. వెనక ఏ గేరు ఉందన్నదానితో ఈ లాగుడికి సంబంధం లేదు. అంటే అతని కొత్త చైను కొండ మీద 195 కిలోలు తట్టుకుని, బీచ్ రోడ్డులో 130 కిలోలకే జారుతోందన్నమాట. అలాంటప్పుడు చైనుని ఏమని తప్పుపడతాం?

కాకపోతే పెద్ద చక్రం మీద చైను ఎక్కువ పళ్లని పట్టుకుంటుంది, భారం పంచుకుంటుంది. అందుకని ఇంకో పరీక్ష అవసరమైంది. అతను ఎప్పుడూ వాడని 12 పళ్ల చక్రం మీదికి మార్చి, ఖాళీ రోడ్డు మీద, సీటు మీద కూర్చునే క్రమంగా బలం పెంచుతూ తొక్కాడు. దానికి 14 పళ్ల చక్రం కన్నా పళ్లు తక్కువే. అయినా జారలేదు. దీంతో సంగతి తేలిపోయింది. అతను ఇన్నాళ్లూ రోజూ వాడిన గేర్లే జారుతున్నాయి, వాడనివి పట్టుకుంటున్నాయి. అరిగింది క్యాసెట్, అందులోనూ రెండు మూడు చక్రాలే.

కొత్త చైను వేశాకే ఇది ఎందుకు బయటపడింది? పాత చైనుతో నిన్నటిదాకా బాగానే నడిచింది కదా? దీనికి జవాబు చైను అరిగే తీరులో ఉంది.

చైనులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి సరిగ్గా అరంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. చైను వంగిన ప్రతిసారీ పిన్ను తన చుట్టూ ఉన్న ఇనుముతో రాసుకుంటుంది. నూనెలో కలిసిన ఇసుక అక్కడ ఆకురాయిలా పనిచేస్తుంది. ఇనుప పలకలు సాగవు, పిన్నుల దగ్గర వదులు పెరుగుతుంది. ఆ వదులంతా కలిసి చైను పొడవవుతుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి ఇంట్లో పిల్లల 30 సెంటీమీటర్ల స్కేలు చాలు. చైనుని బిగుతుగా ఉంచి, ఒక పిన్ను నడిమధ్య సున్నా పెట్టి, అక్కడి నుంచి ఇరవయ్యో పిన్ను దాకా కొలవాలి. కొత్త చైనుకి 254 మిల్లీమీటర్లు వస్తుంది. 256 వచ్చిందంటే తొమ్మిది, పది గేర్ల సైకిళ్లలో చైను మార్చాల్సిందే. పదకొండు, పన్నెండు గేర్లున్న వాటిలో ఇంకా ముందే, 255 దాటగానే మార్చడం మంచిది. విశాఖ మిత్రుడు పాత చైనుని అదృష్టవశాత్తూ పారేయలేదు. కొలిస్తే 257 వచ్చింది. ఒక్కో పిన్ను దగ్గర మిల్లీమీటరులో ఏడో వంతు తేడా అన్నమాట. అది కంటికి కనపడేది కాదు.

చైను అలా పొడవవుతుంటే దాని రోలర్లు పంటి అడుగున కూర్చోకుండా కొంచెం పైకి జరిగి, పంటిని పైభాగంలో నెడతాయి. రోజూ అదే గేరు, అదే ఒత్తిడి. కొన్నాళ్లకి ప్రతి పంటికీ ఒక పక్క చిన్న గుంట పడి, దాని పైన కొక్కెంలా అంచు మిగులుతుంది. ఆ గుంటలు పడింది పొడవైన చైనుకి తగ్గట్టుగా. అందుకే పాత చైను, పాత పళ్లు ఒకదానికొకటి సర్దుకుని నడిచిపోతాయి.

ఇప్పుడు కొత్త చైను వేశారు. వెనక చక్రం మీద చైను పైనుంచి గట్టిగా లాగబడుతూ ముందుకి వెళ్తుంది, కింద నుంచి వదులుగా వచ్చి చేరుతుంది. అలా చేరే రోలర్‌ని పళ్లలోకి నెట్టేది వెనక గేరు మార్చే డీరైలర్‌లోని చిన్న స్ప్రింగు ఒక్కటే. ముందున్న రోలర్ పంటిని ఆనుకుని ఉండగా, వెనక వచ్చే రోలర్‌కి తన గుంటలోకి దిగే దారి ఉండదు, కొక్కెం అంచు అడ్డుపడుతుంది. నెమ్మదిగా తొక్కితే ఎలాగో దిగుతుంది. గట్టిగా తొక్కితే ఒకదాని తర్వాత ఒకటి పళ్ల కొసల మీదే నిలబడిపోతాయి. సరిగ్గా కూర్చున్న రోలర్లన్నీ పైనుంచి వెళ్లిపోయాక, భారమంతా కొసల మీదున్న వాటి మీద పడుతుంది. టక్కుమని జారేది అప్పుడే.

కాబట్టి గేరు వైరు బిగించినా, వదిలినా ఇక్కడ ఒరిగేదేమీ లేదు. మన ఊళ్లలో ఇంకో అలవాటుంది: చైను వదులైందని ఒక లింకు తీసేయడం. గేర్లు లేని పాత సైకిలుకి అది పనికొస్తుంది, చైను ఊడి పడిపోకుండా ఆపుతుంది. గేర్ల సైకిలుకి మాత్రం దండగ. లింకు తీస్తే చైను మొత్తం పొడవు తగ్గుతుంది గానీ పిన్నుకీ పిన్నుకీ మధ్య పెరిగిన దూరం అలాగే ఉంటుంది. పైగా ముందూ వెనకా పెద్ద చక్రాల మీద ఉన్నప్పుడు పొడవు చాలక డీరైలర్ విరిగిపోయే ప్రమాదం ఉంది.

మరి హ్యాంగర్ మాటేమిటి? ఫ్రేముకి డీరైలర్‌ని తగిలించే చిన్న ముక్క అది. అల్యూమినియం ఫ్రేముల్లో విడిగా ఊడదీయగలిగేలా కావాలనే మెత్తగా చేస్తారు, దెబ్బ తగిలితే ఫ్రేము బదులు అది వంగాలని. సైకిలు కుడిపక్కకి పడినా, బస్సు మీదో కారు వెనకో కట్టి తీసుకెళ్లినా వంగవచ్చు. దాని లక్షణం వేరు. చైను పంటి మీద నుంచి జారడం కన్నా, పక్క చక్రం మీదికి ఎక్కాలని చూస్తుంది. టిక్కుటిక్కుమని చప్పుడు, మనం మార్చకుండానే గేరు మారిపోవడం, చిన్న చక్రాల దగ్గర సరిచేస్తే పెద్ద చక్రాల దగ్గర చెడిపోవడం, ఇవీ దాని గుర్తులు. తొమ్మిది గేర్ల క్యాసెట్‌లో ఒక చక్రానికీ పక్కదానికీ మధ్య దూరం నాలుగు మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువ, అంతే. అందుకే కొద్దిపాటి వంపు కూడా తెలిసిపోతుంది.

సైకిలు వెనక నిలబడి ఒక కన్ను మూసి చూస్తే, డీరైలర్‌లోని రెండు చిన్న చక్రాలు పైనున్న పళ్లచక్రంతో ఒకే నిలువు గీతలో కనపడాలి. కింది చక్రం పుల్లల వైపు వాలి ఉంటే హ్యాంగర్‌ని అనుమానించాలి. కంటికి దొరకని వంపుని మెకానిక్ ఒక పొడవైన కడ్డీ పనిముట్టుతో పట్టుకుంటాడు. దాన్ని హ్యాంగర్‌కి బిగించి, పైనా కిందా, ముందూ వెనకా రిమ్ముకి ఎంత దూరముందో చూస్తాడు. ఆ తేడా నాలుగు మిల్లీమీటర్లలోపు ఉండాలి. కొంచెం వంగితే అదే పనిముట్టుతో నిటారు చేయొచ్చు, పదేపదే వంచితే అల్యూమినియం పుటుక్కుమంటుంది. కొత్తది కొనేటప్పుడు పాత ముక్కని చేత్తో పట్టుకెళ్లడం మేలు. ఫ్రేముని బట్టి దాని ఆకారం మారుతుంది, చూడ్డానికి ఒకేలా ఉన్నవి బోల్టు కన్నం దగ్గర కుదరవు.

అన్ని గేర్లలోనూ సుమారు రెండున్నర పెడల్ చుట్లకి ఒకసారి, తాళం వేసినట్టు చిన్న కుదుపు వస్తుంటే అది మూడో సంగతి: చైనులో ఒక లింకు బిగుసుకుపోయింది. చైను ఒకసారి తిరగడానికి పట్టే సమయం అది. పెడల్‌ని నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ డీరైలర్ చక్రాల దగ్గర చూస్తే ఆ లింకు వంగకుండా ఎగిరినట్టు కనిపిస్తుంది. దాన్ని అటూ ఇటూ పక్కలకి వంచి వదులు చేస్తే చాలు.

విశాఖ సైకిలుకి హ్యాంగర్ నిటారుగానే ఉంది. ఇక మిగిలినవి రెండు దారులు. మొదటిది క్యాసెట్ మార్చడం. చైన్‌విప్ అనే పనిముట్టుతో క్యాసెట్ తిరగకుండా పట్టుకుని, బయటి రింగుని దాని తాళంతో విప్పితే క్యాసెట్ మొత్తం చేతిలోకి వస్తుంది. చాలా చవక గేర్ల సైకిళ్లలో క్యాసెట్ ఉండదు, మరలా బిగించే ఫ్రీవీల్ ఉంటుంది. దాని పనిముట్టు వేరు, అడిగి కొనాలి. రెండో దారి పొదుపుది: కొత్త చైను తీసి దాచుకుని, పాత చైనునే మళ్లీ వేసుకోవడం. పాత చైను, పాత పళ్లు ఇంకొన్ని నెలలు కలిసి నడుస్తాయి. గట్టిగా తొక్కినప్పుడు అవీ జారడం మొదలుపెట్టాక రెండూ ఒకేసారి మార్చుకోవచ్చు. ముందు చక్రం పళ్లు కూడా ఈలోపు అరుగుతాయి కాబట్టి వాటి మీద ఓ కన్నేసి ఉంచాలి. అతను ట్రాఫిక్‌లో నిలబడి తొక్కే మనిషి గనక క్యాసెట్ మార్చుకున్నాడు. నాకూ అదే సరైనదనిపిస్తుంది.

కొత్త క్యాసెట్ మీద ఈసారి చైనుని నెలకోసారి స్కేలుతో కొలుస్తున్నాడు. 256 రాకముందే చైను మార్చేస్తుంటే ఒక క్యాసెట్ మీద రెండు మూడు చైన్లు అరిగేదాకా తొక్కొచ్చు.