వేగంగా ఊపిరి తీస్తే గాలి ఎక్కువ అందుతుందా?

శ్వాసక్రియ పాఠంలో విద్యార్థులు తరచూ తప్పు రాసే చోట్లు పది దాకా ఉంటాయి. ఊపిరితిత్తుల్లోకి గాలి వచ్చిపోవడాన్నీ, కణాలు ఆక్సిజన్ వాడుకుని శక్తి పొందడాన్నీ ఒకటిగా రాయడం అందులో మొదటిది. సయనైడ్ విషం ఎక్కినప్పుడు, ఊపిరి ఆడుతుండగానే కణాల్లో ఆ పని ఆగిపోతుంది.

అంతకంటే ప్రమాదకరమైన పొరపాటు ఇంకొకటుంది: ఊపిరి వేగం పెరిగితే గాలి బాగా అందుతున్నట్టే అనుకోవడం. లెక్క వేసి చూడండి. పెద్దవాళ్లు సుమారు 500 మిల్లీలీటర్ల చొప్పున నిమిషానికి 12 సార్లు ఊపిరి తీస్తే మొత్తం 6 లీటర్లు. అయితే ప్రతిసారీ దాదాపు 150 మిల్లీలీటర్లు గొంతులో, శ్వాసనాళాల్లోనే ఉండిపోతాయి. అక్కడ రక్తంతో వాయుమార్పిడి జరగదు. కాబట్టి వాయుగోణులకు చేరే తాజా గాలి నిమిషానికి 4,200 మిల్లీలీటర్లే.

ఇప్పుడు అదే మనిషి పక్కటెముక విరిగి, నొప్పికి భయపడి, 250 మిల్లీలీటర్ల చొప్పున 24 సార్లు పైపైన పీలుస్తున్నాడనుకుందాం. మొత్తం అదే 6 లీటర్లు. వాయుగోణులకు చేరేది మాత్రం 2,400. చూసేవాళ్లకు ఆయాసపడుతూ గాలి తెగ పీలుస్తున్నట్టుంటుంది. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్ దీన్ని కొలవదు. పైగా ఆక్సిజన్ పెట్టి ఉంటే అంకె బాగానే కనిపించవచ్చు. అసలు సంగతి ధమని రక్తంలో వాయువుల పరీక్షతో తేలుతుంది. జవాబులో 'అతిశ్వాస' అని రాయాలన్నా చూడాల్సింది ఆ కార్బన్ డయాక్సైడ్ తగ్గిందా అన్నదే, నిమిషానికి ఎన్ని ఊపిరులన్నది కాదు.