7.3 డేటా లీకు: ఆందోళన సందేశాన్ని ప్రకటనగా తిరగరాయడం

సికింద్రాబాద్‌లోని ఒక ఫైనాన్స్ కార్యాలయం వాట్సాప్ గ్రూపులో ఉదయం ఈ సందేశం వచ్చిందనుకుందాం:

"మన సర్వర్ మొత్తం హ్యాక్ అయింది! జీతాలు, బ్యాంకు వివరాలు అన్నీ పోయాయి. అకౌంట్స్ వాళ్లే ఏదో లింకు నొక్కారట. వెంటనే ఫైళ్లన్నీ డిలీట్ చేయండి!!"

7.3.1 సందేశాన్ని విడదీయడం

తిరగరాసే ముందు ప్రతి వాక్యాన్నీ ఐటీ విభాగంతో సరిచూడాలి. ఇక్కడ తేలినది ఇది: బయటివారు ప్రవేశించింది సర్వర్‌లోకి కాదు, ఒక ఈమెయిల్ ఖాతాలోకి. అందులో 46 మంది జీతాల పట్టిక ఉంది. దాన్ని కాపీ చేసుకున్నారో లేదో తెలియదు. కాబట్టి "మొత్తం", "అన్నీ" అనే మాటలు నిలబడవు.

మూడో వాక్యం నింద. విచారణ పూర్తికాకముందే ఒక విభాగాన్ని వేలెత్తి చూపితే, రేపు పొరపాటున లింకు నొక్కినవారు ఆ సంగతి దాచిపెడతారు. చివరి వాక్యం మరీ ప్రమాదకరం. ఫైళ్లు తొలగిస్తే ప్రవేశం ఎలా జరిగిందో చెప్పే ఆధారాలు పోతాయి.

తెలిసినదాన్నీ అనుమానాన్నీ వేరుచేయడానికి ఒక ఉదాహరణ చూడండి. 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ సమాచారం బయటపడినప్పుడు, బలహీనమైన లేదా ఇతరుల చేతికి చిక్కిన పాస్‌వర్డ్ కారణమై ఉండవచ్చన్న సంగతిని పోలీసులు అనుమానంగానే ప్రకటించారు.

7.3.2 తిరగరాసిన ప్రకటన

విషయం: ఒక ఈమెయిల్ ఖాతాలోకి అనధికార ప్రవేశం (మధ్యాహ్నం 12.30)

ఈ ఉదయం 9.40కి మన కార్యాలయ ఈమెయిల్ ఖాతాల్లో ఒకదానిలోకి బయటివారు ప్రవేశించినట్లు ఐటీ విభాగం గుర్తించింది. అందులో 46 మంది ఉద్యోగుల పేర్లు, జీతాలు, బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్నాయి. వాటిని కాపీ చేసుకున్నారా అన్నది ఇంకా తేలలేదు. ఆ 46 మందికి విడిగా తెలియజేశాం. 11 గంటలకు ఆ ఖాతాను నిలిపివేశాం. మిగిలిన ఖాతాలను పరిశీలిస్తున్నాం.

ఫైళ్లు, మెయిళ్లు ఏవీ తొలగించవద్దు. బ్యాంకు పేరుతో ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పవద్దు. ఖాతా నుంచి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. తదుపరి సమాచారం సాయంత్రం 5 గంటలకు ఇస్తాం.

7.3.3 జాగ్రత్తలు

నిదానంగా రాయడమంటే తగ్గించి రాయడం కాదు. "చిన్న సాంకేతిక లోపం" అని రాస్తే ఆ 46 మంది జాగ్రత్తపడే అవకాశం కోల్పోతారు. "కాపీ అయినట్లు ఆధారాలు దొరకలేదు" అనడం వేరు, "కాపీ కాలేదు" అనడం వేరు. పరిశీలన ముగియకుండా రెండోది రాయకూడదు. చెప్పిన 5 గంటలకు కొత్త విషయం లేకపోయినా, ఆ సంగతే రాసి పంపాలి. లేకపోతే ఆ ఖాళీని పుకార్లు నింపుతాయి.

సిబ్బందికి ప్రకటన ఇచ్చినంతమాత్రాన బాధ్యత తీరదు. 2022 ఏప్రిల్ నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనను గుర్తించిన 6 గంటల్లో ఆ సంస్థకు నివేదించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

సాయంత్రానికి ఆ పట్టిక కాపీ అయిందని తేలింది. 5 గంటల ప్రకటనను నాలుగు వాక్యాల్లో రాయండి.