గోడ దాటని వైఫై

సీతంపేటలో మేం కొత్తగా దిగిన ఫ్లాటుకి దళసరి కాంక్రీటు గోడలు. హాల్లో రౌటర్ పెడితే పడగ్గదిలో వీడియో తిరుగుతానే ఉండేది. షాపాయన, "వైఫై 5 సాలు బాబూ, పాస్టుగుంటాది" అన్నాడు. ఆ స్పీడు 5 గిగాహెర్ట్జ్‌ది. గోడ దాటేసరికి అది నీరసించిపోతాది. గోడ దాటడంలో 2.4 నయం. వైఫై 5 పెట్టెలో 2.4 ఉన్నా, అది పాత వైఫై 4 పద్ధతే. వైఫై 6 రెండింటి మీదా నడుస్తాది. ఇక్కడా ఓ తిరకాసుంది: చవక వైఫై 6 పెట్టెలు కొన్ని 2.4 మీద పాతదే ఇస్తాయి. డబ్బా మీద 2.4కి 300 అనుంటే పాతది, 574 అనుంటే కొత్తది. ఫోనూ వైఫై 6దే అవ్వాలి మరి.

574ది తెచ్చి, ఫోన్లో సిగ్నల్ కొలిచే యాప్ ఏసుకుని, తలుపు మూసి చూసేను. పడగ్గదిలో 5 మీద -81 dBm, 2.4 మీద -69. సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. -70 లోపుంటే వీడియోకి ఢోకా లేదు. రెండు గోడల అవతల వెనక గదిలో మాత్రం 2.4 కూడా -83. అక్కడ ఏ నంబరూ పనిచెయ్యదు. గోడకి కన్నం కొట్టి ఈథర్నెట్ కేబుల్ లాగి, చివర పాత రౌటర్ని యాక్సెస్ పాయింటుగా పెట్టేం. ఆ గదిలో రిపీటర్ పెట్టమన్నారు గానీ, అదీ ఆ గోడల్లోంచే సిగ్నల్ తెచ్చుకోవాలి కదేటి!