ఎంత హైక్ ఇస్తే ఆ ఆఫర్‌తో సమానం?

బయటి కంపెనీ ఆఫర్‌ చూపించి ఉన్నచోటే జీతం పెంచమని అడగాలంటే ముందు ఎంత శాతం అడగాలో తేలాలి. జీతమంతా ఫిక్స్‌డ్‌ అయితే ఇది ఒక్క భాగహారంతో తేలిపోతుంది. అందులో వేరియబుల్ కూడా ఉంటే మాత్రం, హైక్ ఇచ్చినప్పుడు ఆ వేరియబుల్ ఏమవుతుందన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది.

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఏడాదికి ఫిక్స్‌డ్ 12 లక్షలు, వేరియబుల్ 3 లక్షలు, మొత్తం 15 లక్షలు వస్తున్నాయనుకుందాం. బయటి ఆఫర్ 18 లక్షలు. తేడా 3 లక్షలు, అంటే 15 లక్షల మీద 20 శాతం. వేరియబుల్‌ను ఫిక్స్‌డ్‌లో 25 శాతమని లెటర్‌లో రాసి ఉంటే ఈ 20 శాతం సరిపోతుంది. ఫిక్స్‌డ్ 14.4 లక్షలకు పెరిగితే దాని వెంటే వేరియబుల్ 3.6 లక్షలకు పెరిగి మొత్తం 18 అవుతుంది.

చాలామంది పొరబడేది దీని తర్వాతే. కొన్ని కంపెనీల్లో వేరియబుల్ శాతంగా కాక, 3 లక్షలని నికరంగా రాసి ఉంటుంది. హైక్ ఫిక్స్‌డ్‌కే వర్తిస్తుంది, వేరియబుల్ కదలదు. అప్పుడు 20 శాతం పెంచినా మొత్తం 17.4 లక్షల దగ్గరే ఆగిపోతుంది. ఆఫర్ మొత్తంలోంచి కదలని 3 లక్షలు తీసేస్తే మిగిలే 15 లక్షలు ఫిక్స్‌డ్‌గా రావాలి. 12 నుంచి 15కు చేరాలంటే 25 శాతం హైక్ కావాలి.

కాగితం మీది వేరియబుల్ అంతా చేతికి రాదు కూడా. ఈ ఉద్యోగికి ఏటా అందులో 80 శాతమే, అంటే 2.4 లక్షలే అందుతోందంటే ఇప్పటి అసలు రాబడి 14.4 లక్షలు. బయటి ఆఫర్‌లో ఫిక్స్‌డ్ 16.5, వేరియబుల్ 1.5 లక్షలు ఉంటే, అక్కడా 80 శాతమే ఇస్తారనుకున్నా 17.7 లక్షలు చేతికొస్తాయి. దాన్ని అందుకోవాలంటే వేరియబుల్ కూడా పెరిగే చోట దాదాపు 23 శాతం, నికరంగా ఉండే చోట 27.5 శాతం కావాలి. రెండు ఆఫర్ల మొత్తాలు ఒకటే అయినా, ఫిక్స్‌డ్ వాటా ఎక్కువున్నదాన్ని అందుకోవడమే కష్టం. కొత్త కంపెనీ వేరియబుల్ ఎంత ఇస్తుందో ముందే చెప్పలేం కాబట్టి, గత రెండు మూడేళ్లుగా అక్కడ ఎంత శాతం ఇచ్చారో లోపల పనిచేసేవారిని అడిగి తెలుసుకోవడం మేలు.

పోల్చే మొత్తాలు రెండూ ఒకే తీరుగా లెక్కగట్టినవై ఉండాలి. ఒక సీటీసీలో గ్రాట్యుటీ, కంపెనీ వాటా పీఎఫ్ కలిపి, రెండోదాంట్లో కలపకపోతే తేడా తప్పుగా కనిపిస్తుంది. జాయినింగ్ బోనస్‌దీ ఇదే సంగతి. అది ఒక్కసారే వచ్చే డబ్బు, ఏడాది తిరక్కముందే మానేస్తే చాలా కంపెనీలు వెనక్కి తీసుకుంటాయి కూడా. ఆఫర్‌లోని 18 లక్షల్లో లక్ష జాయినింగ్ బోనసే అయి, ఫిక్స్‌డ్ 15.5 లక్షలే ఉంటే, రెండో ఏడాది చేతికొచ్చేది 16.7 లక్షలు. అప్పుడు 23 శాతం అడగాల్సిన చోట 16 శాతమే సరిపోతుంది.