జీఎస్టీ బిల్లు షీట్: రేటు వారీగా ట్యాక్స్ విడగొట్టడం ఎలా?

నా మొదటి ఇన్‌వాయిస్ షీట్‌లో బిల్లు మొత్తానికీ 18% వేసేశాను. షాపాయన చూసి, "బాబూ, ఇందులో 5% సరుకు కూడా ఉందయ్యా" అన్నారు.

అందుకే ప్రతి ఐటమ్‌కీ D లో ట్యాక్స్ కలపని విలువ, E లో రేటు పెట్టండి. కింద ఒక్కో రేటుకి ఒక్కో ఫార్ములా:

```
=SUMIF(E5:E20,5%,D5:D20)
```

5% సరుకు రూ.1,000, 18% సరుకు రూ.2,000 అనుకుందాం. ట్యాక్స్ 50, 360. ఒకే రాష్ట్రంలో అమ్మితే సగం సీజీఎస్టీ, సగం ఎస్‌జీఎస్టీ: 25+25, 180+180. మొత్తం రూ.3,410.

E లో 5% బదులు ఉత్త 5 ఉంటే ఆ వరుస ఫార్ములాకి దొరకదు. రెండు రేట్ల విలువలు కలిపితే 3,000 రాలేదంటే తప్పు అక్కడే. అది సరిచూశాకే అక్షరాల్లో "మూడు వేల నాలుగు వందల పది రూపాయలు" అని రాసి, బిల్లు నంబర్ వేయండి.